టికెట్ల వయసు, తిరిగొచ్చే టికెట్లు: మా హెల్ప్‌డెస్క్ లెక్కల డైరీ

సెప్టెంబర్ మొదటి వారం: ప్రశ్న ఏంటంటే

ఇది మా కంపెనీ లోపలి ఐటీ హెల్ప్‌డెస్క్ సంగతి. గచ్చిబౌలి ఆఫీసు, ఆరుగురు ఇంజనీర్లు, వారానికి 200 దాకా కొత్త టికెట్లు. మేనేజర్ మేడమ్ అడిగింది ఒక్కటే: టీమ్‌లోకి ఇంకో మనిషిని తీసుకోవాలా, ఉన్నవాళ్లతో సరిపోతుందా? డ్యాష్‌బోర్డ్‌ని నమ్మితే సరిపోతుంది. జూన్ మొదటి సోమవారం ఓపెన్ టికెట్లు 243, సెప్టెంబర్ మొదటి సోమవారం 236. టికెట్ పరిష్కారానికి పట్టే సగటు సమయం 1.8 పనిదినాలు. రీఓపెన్ రేటు 3 శాతం. ఇంత మంచి నంబర్లు ఉంటే క్యాంటీన్‌లో ఎవర్ని కదిలించినా "నా ల్యాప్‌టాప్ టికెట్ పెట్టి నెలన్నర అయింది" అని ఎందుకంటున్నారు? ఈ రెండింటికీ పొంతన కుదిరేదాకా తవ్వాలని ఈ పని పెట్టుకున్నా.

ముందుగా సగటు సమయం సంగతి, ఎందుకంటే అందరూ చూసేది దాన్నే. ఆ సగటులోకి మూసేసిన టికెట్లు మాత్రమే వస్తాయి. రెండు నెలలుగా ఎవరూ ముట్టుకోని టికెట్ మూసేదాకా ఆ లెక్కలోనే ఉండదు, అంటే ఎంత పాతబడినా సగటుని ఏమీ చెయ్యదు. తేలికవి ఏరుకుని మూస్తూ పోతే సగటు అద్భుతంగా ఉంటుంది. దీనికి ఇంకో వైపు కూడా ఉంది, అదే నాకు ఎక్కువ బాధనిపించింది. ఒక రోజు టీమ్ 40 మామూలు టికెట్లు 1.8 రోజుల సగటుతో మూసింది అనుకోండి, అదే రోజు పట్టుబట్టి 60 రోజుల నాటివి ఆరు కూడా తేల్చేసింది. 40 × 1.8 అంటే 72, 6 × 60 అంటే 360, మొత్తం 432ని 46తో భాగిస్తే 9.4 రోజులు. అందరికంటే మంచి పని చేసిన రోజే రిపోర్టులో అందరికంటే చెడ్డ రోజుగా కనిపిస్తుంది. ఇలాంటి కొలత ముందు పెట్టుకుని మనుషుల పనిని తూచడం అన్యాయం.

అందుకని మూసినవాటిని పక్కన పెట్టి ఇంకా తెరిచి ఉన్నవాటి వయసు చూడాలని నిర్ణయించుకున్నా. ప్రతి సోమవారం ఉదయం 9 గంటలకి ఏవేవి ఓపెన్‌లో ఉన్నాయి, అవి పుట్టి ఎన్ని రోజులైంది, అంతే.

అదే వారం: పాత సోమవారాలని మళ్లీ కట్టడం

ఇవాళ్టి లిస్టు తియ్యడం పెద్ద పనేం కాదు. జూన్‌లో ఒక సోమవారం ఏవి ఓపెన్‌లో ఉన్నాయో ఇప్పుడు తియ్యడంలోనే ఇబ్బంది. `tickets` టేబుల్లో ప్రతి టికెట్‌కీ ఒక్క `resolved_at` ఉంటుంది. టికెట్ రీఓపెన్ అయితే మా టూల్ దాన్ని చెరిపేస్తుంది, మళ్లీ మూసినప్పుడు కొత్త తేదీ రాస్తుంది. జూన్ 5న మూసి జూన్ 8న తెరుచుకుని జూన్ 25న మళ్లీ మూసిన టికెట్‌ని ఆ టేబుల్లో చూస్తే, జూన్ 25 దాకా ఓపెన్‌లోనే ఉన్నట్టు కనిపిస్తుంది, మధ్యలో మూడు రోజులు మూసి ఉందన్న జాడే ఉండదు. కాబట్టి స్టేటస్ మారిన ప్రతిసారీ ఒక వరుస పడే హిస్టరీ టేబుల్ నుంచే తియ్యాలి. సోమవారాల సమయాలని `weeks` టేబుల్లో `snap` కింద పెట్టుకుని, పోస్ట్‌గ్రెస్‌లో ఇలా రాశా:

```sql
SELECT w.snap, t.id, w.snap - t.created_at AS age
FROM weeks w
JOIN tickets t ON t.created_at < w.snap
LEFT JOIN LATERAL (
  SELECT e.new_status FROM ticket_events e
  WHERE e.ticket_id = t.id AND e.changed_at < w.snap
  ORDER BY e.changed_at DESC, e.id DESC
  LIMIT 1
) s ON true
WHERE COALESCE(s.new_status, 'new')
      NOT IN ('resolved', 'closed', 'spam', 'merged');
```

ఇందులో `LEFT JOIN` ఊరికే పెట్టలేదు. టికెట్ పుట్టిన క్షణాన ఉండే మొదటి స్టేటస్‌ని మా టూల్ హిస్టరీలో రాయదు, మార్పులనే రాస్తుంది. మామూలు `JOIN` పెడితే ఎవరూ ఒక్కసారి కూడా ముట్టుకోని టికెట్లు, అంటే మనం వెతుకుతున్నవే, లిస్టులోంచి మాయమవుతాయి. `e.id DESC` కూడా అవసరమే, ఆటోమేషన్ ఒకే సెకనులో రెండు మార్పులు చేస్తే ఏది చివరిదో సమయాన్ని బట్టి తెలియదు. ఇంకొకటి, ఎక్స్‌పోర్ట్‌లో టైమంతా యూటీసీలో ఉంది. మన సోమవారం ఉదయం 9 అంటే అక్కడ 03:30. అర్ధరాత్రి అని పెట్టుకుంటే మన తెల్లవారు అయిదున్నర అవుతుంది, అంత పెద్ద తేడా రాదు కానీ, నైట్ షిఫ్ట్ వాళ్లు సోమవారం తెల్లవారాక మూసినవి ఆ లెక్కలో తప్పిపోతాయి.

వయసుని క్యాలెండర్ రోజుల్లోనే కొలుస్తున్నా. టూల్లో పనిదినాల క్యాలెండర్ హెడ్డాఫీసుది, దాంట్లో బోనాలకీ నిమజ్జనానికీ సెలవు లేదు. దాన్ని సరిచెయ్యమని చెప్పా. అయినా ల్యాప్‌టాప్ లేకుండా కూర్చున్న మనిషికి ఆదివారం కూడా ఎదురుచూపే కదా.

లెక్క సరిగ్గా వచ్చిందా లేదా తెలుసుకోడానికి ఒక మంచి పరీక్ష ఉంది: ఈ సోమవారం ఓపెన్ + వారంలో కొత్తవి + తిరిగి తెరుచుకున్నవి − మూసినవి = వచ్చే సోమవారం ఓపెన్. ఆగస్టు మొదటి వారానికి 240 + 200 + 44 − 210 = 274, స్నాప్‌షాట్‌లో కూడా 274. జులైలో ఒక వారం ఏడు టికెట్లు తేడా కొట్టింది. వెతికితే ఆ ఏడూ వేరే టికెట్లలో కలిపేసినవి, వాటికి `merged` అని స్టేటస్ పడుతుంది తప్ప "మూసినవి" లెక్కలోకి రావు. వాటిని కూడా బయటికి వెళ్లినవాటి కింద చేర్చగానే అన్ని వారాలూ సరిపోయాయి. ఈ కూడిక తీసివేత కుదరకుండా గ్రాఫ్ గియ్యడం మొదలుపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

సెప్టెంబర్ రెండో వారం మొదట్లో: రంపపు పళ్లు

ఆగస్టు సోమవారాలు వరసగా: 240, 274, 283, 291, తర్వాత సెప్టెంబర్ ఒకటో సోమవారం 236. మే నుంచి ప్రతి నెలా ఇదే ఆకారం. నెల మొదటి వారంలో ఒక్కసారిగా పెరుగుతుంది, మధ్యలో మెల్లగా ఎక్కుతుంది, చివరి వారంలో దబ్బున పడుతుంది. నెల నివేదికకి ఒకటో తారీఖు లెక్క తీస్తారు, అంటే ప్రతిసారీ రంపపు పంటి అడుగునే చూస్తున్నారు. జూన్‌లో 243, సెప్టెంబర్‌లో 236 అని పక్కపక్కన పెడితే ఏమీ మారలేదనిపించడానికి కారణం అదే. నెలాఖరులో టీమ్ అంతా కూర్చుని "క్లోజర్ డ్రైవ్" చేస్తుందని తెలుసు, కానీ దాని ప్రభావం వారంలోనే ఇంతగా తిరగబడుతుందని ఎవరూ చూడలేదు.

సంఖ్య మారకపోయినా వయసు మారింది. జూన్ మొదటి సోమవారం ఓపెన్ టికెట్ల మధ్యస్థ వయసు 4 రోజులు, సెప్టెంబర్‌లో 9 రోజులు. నూటికి 85 టికెట్లు ఏ వయసులోపు ఉన్నాయని చూస్తే, అప్పుడు 16 రోజులు, ఇప్పుడు 41. ముప్పై రోజులు దాటినవి 14 నుంచి 58కి వెళ్లాయి. సగటు వయసు చూడట్లేదు, ఎందుకంటే రెండేళ్ల నాటి మర్చిపోయిన టికెట్ ఒక్కటున్నా సగటుని లాగేస్తుంది.

డ్యాష్‌బోర్డ్ చెప్పే 1.8 రోజులు ఎంత నమ్మొచ్చో చూడ్డానికి జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం చాలు: `L = λW`. లోపల ఉన్నవాటి సగటు సంఖ్య, వచ్చే వేగానికీ ఒక్కోటి లోపల గడిపే సగటు సమయానికీ గుణకారం. ఆగస్టులో సగటున 265 ఓపెన్, రోజుకి 40 కొత్తవి, అంటే ఒక్కో టికెట్ 6.6 పనిదినాలు లోపల ఉంటోంది. పరిస్థితి నిలకడగా ఉన్నప్పుడే ఈ సూత్రం సరిగ్గా పనిచేస్తుంది, మాది పూర్తిగా నిలకడ కాదు, అయినా 6.6 ఎక్కడ, 1.8 ఎక్కడ! దశాంశాల తేడా కాదిది.

తేడా ఎక్కడ పోయిందో తీశా. టూల్లో టికెట్ `pending`లోకి వెళ్తే గడియారం ఆగిపోతుంది. రీఓపెన్ అయితే గడియారం సున్నా నుంచి మొదలవుతుంది. పెండింగ్ సమయం కలిపి, రీఓపెన్ అయినవాటిని మొదట పుట్టిన తేదీ నుంచి లెక్కిస్తే మూసిన టికెట్ల సగటు దాదాపు 5 రోజులైంది. మిగతా తేడా అసలు మూయనే మూయని టికెట్లలో ఉంది. గడియారం ఆపడం తప్పని నేననను, యూజర్ జవాబివ్వకపోతే ఇంజనీర్ ఏం చేస్తాడు? కానీ టీమ్ పనిని కొలిచే గడియారం, యూజర్ ఎదురుచూపుని కొలిచే గడియారం రెండూ విడివిడిగా ఉండాలి.

ఆ 58 టికెట్లని ఒక్కొక్కటీ తెరిచి చదివా. 24 వెండర్ కోసం ఆగినవి, ఎక్కువగా వారంటీలో బోర్డు, బ్యాటరీ మార్పులు. 19 వేరే డిపార్ట్‌మెంట్ల మేనేజర్లు యాక్సెస్ అప్రూవ్ చెయ్యాల్సినవి. 15కి మాత్రం ఏ కారణమూ లేదు, ఎవరి పేరు మీదా లేకుండానో, సెలవుపై వెళ్లినవాళ్ల పేరు మీదో ఉన్నాయి. వెండర్ కోసం ఆగిన 24లో తొమ్మిదింటికి వెండర్ జవాబు ఎప్పుడో వచ్చేసింది. యూజర్ రిప్లై ఇస్తే టికెట్ దానంతటదే ఓపెన్‌లోకి వస్తుంది కానీ వెండర్ మెయిల్ వస్తే రాదు, ఎవరో గుర్తుపెట్టుకుని చూడాలి. ఒక టికెట్‌లో బ్యాటరీ వచ్చి స్టోర్ రూంలో పెట్టినట్టు నోట్ కూడా ఉంది, దాని తర్వాత ఇరవై రెండు రోజులు నిశ్శబ్దం.

సెప్టెంబర్ రెండో వారం: ఎన్ని తిరిగొస్తున్నాయి

ఇప్పుడు నెలాఖరు డ్రైవ్‌లో మూసినవి నిజంగా మూసుకున్నాయా అనేది. ఇక్కడ రీఓపెన్ రేటుకి నిర్వచనం ముందు కుదుర్చుకోవాలి. మా టూల్ రిపోర్టు ఈ నెలలో తెరుచుకున్నవాటిని ఈ నెలలో మూసినవాటితో భాగిస్తుంది. డ్రైవ్ వారంలో మూసినవి వచ్చే నెల మొదట్లో తిరిగొస్తాయి కాబట్టి పైనా కిందా రెండు వేర్వేరు గుంపులు. నేను మూసిన వారాన్ని బట్టి గుంపు కట్టి, ఒక్కో టికెట్ మూసిన తర్వాత 14 రోజుల్లోపు తిరిగొచ్చిందా లేదా అని చూస్తున్నా. దీనికి ఒక పరిమితి ఉంది: గత రెండు వారాల గుంపులకి ఇంకా గడువు పూర్తి కాలేదు, అందుకని వాటి రేటు ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది. గ్రాఫ్‌లో చివరి రెండు వారాలు ఖాళీగా వదిలేస్తున్నా, లేకపోతే ప్రతి సోమవారం "ఈమధ్య బాగుపడ్డాం" అనిపిస్తుంది.

జులై చివరి వారం డ్రైవ్‌ని పూర్తిగా చేతితో చూశా. మూసినవి 262. స్టేటస్ మళ్లీ ఓపెన్‌కి వచ్చినవి 41. అందులో 12 "థాంక్యూ", "ఓకే, పనిచేస్తోంది" అని యూజర్ మెయిల్ పెట్టడం వల్ల తెరుచుకున్నవి. వాటిని గుర్తుపట్టడానికి ఒక నియమం పెట్టా: తెరుచుకున్న అరగంటలోపు ఇంజనీర్ ఏమీ రాయకుండా మళ్లీ మూస్తే అది థాంక్యూ. అవి పోను నిజమైనవి 29.

అక్కడితో ఆపితే సగమే తెలుస్తుంది. మా టూల్ మూసిన టికెట్‌ని మూడు రోజుల తర్వాత పూర్తిగా తాళం వేసేస్తుంది, ఆ తర్వాత యూజర్ రిప్లై ఇస్తే పాతదానికి లింకుతో కొత్త టికెట్ పుడుతుంది. అవి 9. ఇంకొందరు పాత మెయిల్ వెతుక్కోకుండా నేరుగా కొత్త టికెట్ పెడతారు. అదే మనిషి, అదే కేటగిరీ, ఏడు రోజుల్లోపు అని వెతికితే 14 దొరికాయి, చదివి చూస్తే వాటిలో 8 నిజంగా పాత సమస్యే, మిగతా 6 ఊరికే కేటగిరీ కలిసినవి. మొత్తం 29 + 9 + 8 = 46. 262లో 17.6 శాతం. టూల్ చెప్పే 3 శాతం మాటేంటంటే, అది `reopened` అనే ట్యాగ్‌ని లెక్కిస్తుంది, ఆ ట్యాగ్ వెయ్యడం ఇంజనీర్ చేతిలో పని.

పోల్చడానికి ఆగస్టు మధ్యలో మామూలు వారం తీశా. మూసినవి 202, నిజంగా తెరుచుకున్నవి 11, కొత్త టికెట్ వేషంలో వచ్చినవి 5, మొత్తం 16, అంటే 7.9 శాతం. ఇప్పుడు రెండూ పక్కన పెట్టండి. డ్రైవ్‌లో 60 టికెట్లు ఎక్కువ మూశారు, మామూలు కంటే 30 ఎక్కువ తిరిగొచ్చాయి. సరిగ్గా సగం. మూసి నిలిచినవే లెక్కేస్తే డ్రైవ్ వారం 216, మామూలు వారం 186. నేను ఇకపై "మూసినవి" అనే అంకె రిపోర్టులో పెట్టను, "మూసి నిలిచినవి" అనే పెడతా.

ఈ అంకెతో అసలు ప్రశ్నకి జవాబు కూడా మొదలైంది. మూడు మామూలు వారాలు, ఒక డ్రైవ్ వారం కలిపితే నెలకి నిలిచినవి 774. అదే నెలలో కొత్తగా వచ్చిన 800లో పాత సమస్యలే వేషం మార్చుకుని వచ్చినవి తీసేస్తే 768. అంటే వచ్చినంత వెళ్తోంది. టీమ్ మునిగిపోవట్లేదు. కానీ కొత్తవి ముందు తీసుకుంటున్నారు, పాతవాటిలో కొన్ని అడుగున ఉండిపోయి ముదురుతున్నాయి.

సెప్టెంబర్ మధ్య: అకౌంట్ లాక్‌ల కథ

తిరిగొచ్చిన 46ని కేటగిరీలుగా విడగొడితే 15 ఒక్కచోటే ఉన్నాయి: అకౌంట్ లాక్. టీమ్‌లో సీనియర్ అన్న పక్కన కూర్చుని వాటిలో ఒక టికెట్ హిస్టరీ మొత్తం చదివించా. ఉదయం 10:12కి యూజర్ "లాగిన్ అవ్వట్లేదు". 10:20కి అన్‌లాక్ చేసి మూశారు. 10:55కి తిరిగి ఓపెన్. 11:05కి మళ్లీ అన్‌లాక్, మళ్లీ మూత. మధ్యాహ్నం మళ్లీ అదే. నాలుగు రోజుల తర్వాత కొత్త టికెట్.

"అన్నా, ప్రతిసారీ ఎందుకు లాక్ అవుతోంది?" అని అడిగితే అన్న నవ్వాడు. "ఏముంది తమ్మీ, పాస్‌వర్డ్ మార్చుకున్నడు, ఫోన్ల ఆఫీస్ వైఫైకి పాత పాస్‌వర్డే ఉంది. ఆ ఫోన్ జేబుల ఉండి కొడ్తనే ఉంటది, అకౌంట్ లాక్ అయితనే ఉంటది."

"మరి ఫోన్ ఎందుకు చూడలేదు?"

"నెలాఖరుల ఎవరు చూస్తరు? అన్‌లాక్ ఒక్క నిమిషం పని. ఫోన్ వెతకాలంటే పావుగంట."

ఆ పావుగంట దాచుకోబోయి ఒక్కో టికెట్ మీద మూడు నాలుగు సార్లు పని పడుతోంది. డొమైన్ కంట్రోలర్ లాగ్‌లో ఈవెంట్ `4740` చూస్తే అకౌంట్ ఎప్పుడు లాక్ అయిందో, `Caller Computer Name` కింద ఏ మెషీన్ నుంచి తప్పు పాస్‌వర్డ్ వచ్చిందో ఉంటుంది. యూజర్ సొంత ల్యాప్‌టాప్ పేరు ఉంటే దాంట్లో క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాచిన పాత పాస్‌వర్డ్ తీసెయ్యాలి. వైఫై లాగిన్లు చూసే సర్వర్ పేరు ఉంటే ఫోన్ అని దాదాపు ఖాయం. మెయిల్ సర్వర్ పేరు ఉంటే ఫోన్‌లో మెయిల్ యాప్. పేరు ఖాళీగా ఉండే సందర్భాలు కూడా వచ్చాయి, అప్పుడు ఇలా తేలదు, యూజర్‌తో కూర్చుని ఒక్కో పరికరం చూడాల్సిందే. అన్న ఇదంతా అర పేజీలో రాసిచ్చాడు, అకౌంట్ లాక్ టికెట్ మూసేముందు లాక్ ఎక్కణ్ణుంచి వచ్చిందో రాసే గడి తప్పనిసరి చేశాం.

సెప్టెంబర్ మూడో వారం: వానల వారం

మొన్న కురిసిన వానకి ఐటీ కారిడార్ అంతా నీళ్లు, కంపెనీ రెండు రోజులు ఇంటి నుంచి పని చెయ్యమంది. ఇంటి నుంచి అనగానే వీపీఎన్ టికెట్లు. ఆ వారం కొత్తవి 270, సోమవారానికి ఓపెన్ 270 నుంచి 337కి చేరాయి. విచిత్రమేంటంటే మధ్యస్థ వయసు 9 రోజుల నుంచి 5 రోజులకి పడిపోయింది, 85 శాతం గీత 41 నుంచి 36కి. గ్రాఫ్ చూసిన మేడమ్ "వయసు తగ్గుతోంది, మంచిదే కదా?" అన్నారు. కాదు మేడమ్ అని చెప్పాల్సి వచ్చింది. ఇంట్లో ఇద్దరు పిల్లలు పుడితే ఇంటిల్లిపాది సగటు వయసు తగ్గుతుంది, తాత వయసు తగ్గదు. ముప్పై రోజులు దాటినవి అదే వారంలో 66 అయ్యాయి.

కాబట్టి మధ్యస్థం ఒక్కటే చూసి నిర్ణయానికి రాకూడదు. ఒక్కసారిగా టికెట్లు వచ్చిపడినప్పుడు చూడాల్సింది ఆ ఉబ్బు తర్వాతి అరలోకి జరుగుతోందా అని. వయసుని 0–7, 8–14, 15–30, 30 పైన అని నాలుగు అరలు చేసుకున్నా. వాన వారం ఉబ్బంతా 0–7లో ఉంది. టీమ్ తట్టుకోలేకపోతే వారం తిరిగేసరికి 8–14 అర ఉబ్బాలి. మామూలుగా ఆ అరలో 45 దాకా ఉంటాయి, వాన తర్వాత రెండో సోమవారం 48 ఉన్నాయి. అంటే మింగేశారు. ఆ వారంలో మూసినవి ఎన్ని నిలిచాయో తెలియడానికి ఇంకా రెండు వారాలు ఆగాలి, కానీ కొత్తవాటి తాకిడిని ఈ ఆరుగురు తట్టుకోగలరని చెప్పడానికి నాకు ఇది గట్టి ఆధారం.

సెప్టెంబర్ చివర: రిపోర్టు రూపం

మేడమ్‌తో కూర్చున్నాం. ఒకటో తారీఖు అంకె తీసేసి నెలలోని సోమవారాలన్నింటి సగటు పెట్టడానికి ఒప్పుకున్నారు. ఆ ఒక్క మార్పుతో క్లోజర్ డ్రైవ్‌కి కారణమే పోయింది, ఈ నెలాఖరున ఎవరూ కూర్చోమనలేదు.

తర్వాత ఆవిడ ఇంజనీర్ వారీగా రీఓపెన్ రేటు కావాలన్నారు. అది మాత్రం నేను ఒప్పుకోలేదు. వారానికి ఒక్కో మనిషి మూసేవి ముప్పై పైచిలుకు. ఒకరికి మూడు తిరిగొచ్చాయి, ఇంకొకరికి ఐదు, ఆ రెండింటి తేడా వచ్చే వారం తిరగబడుతుంది. పైగా కష్టమైన టికెట్లు తీసుకునేది సీనియర్ అన్న, ఆయనకే ఎక్కువ తిరిగొస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, రేటు మనిషి మీద పడితే "ఇది మూసేస్తున్నా, మళ్లీ వస్తే కొత్త టికెట్ పెట్టండి" అని చెప్పడం మొదలవుతుంది, అప్పుడు రీఓపెన్ పడిపోతుంది, సమస్యలు అక్కడే ఉంటాయి. అందుకే కొత్త టికెట్ వేషంలో వచ్చేవాటి లెక్క ఎప్పుడూ పక్కనే ఉంచుతున్నా. రీఓపెన్‌లు తగ్గి అవి పెరిగితే ఏం జరుగుతోందో వెంటనే తెలుస్తుంది. కేటగిరీ వారీ రేటు చాలని చివరికి మేడమ్ కూడా అన్నారు.

ఇంకో మనిషి అవసరమా అన్నదానికి నేనిచ్చిన జవాబు: ఇప్పుడు వద్దు. వచ్చినంత వెళ్తోంది, వాన వారాన్ని కూడా తట్టుకున్నారు. ముప్పై రోజులు దాటినవాటికి మాత్రం ఒక మనిషి పేరు ఉండాలి, రోజూ ఉదయం ఒక గంట వెండర్ మెయిళ్లూ అప్రూవల్స్ తిరగెయ్యడమే ఆ మనిషి పని, వారం వారం మారుతూ. ఆ పని పెట్టిన తర్వాత కూడా ఆ అర వరసగా నెల రోజులు పెరుగుతూనే ఉంటే, లేదా మూసి నిలిచినవి కొత్తవాటికంటే తక్కువగా ఉండిపోతే, అప్పుడు మనిషిని అడగాలి.

అక్టోబర్ మొదటి సోమవారం

ముప్పై దాటినవి 66 నుంచి 51కి వచ్చాయి. తగ్గినవన్నీ వెండర్‌వీ, ఎవరి పేరూ లేనివీ. అప్రూవల్ కోసం ఆగిన 19లో ఒక్కటీ కదల్లేదు, వాటికి మా టీమ్ చేసేదేం లేదు, అందుకే ఆ 19ని రిపోర్టులో విడిగా ఒక వరుసగా పెట్టి, ఏ డిపార్ట్‌మెంట్ దగ్గర ఎన్ని రోజులుగా ఉన్నాయో రాసి మేడమ్‌కి పంపించా. డ్రైవ్ లేని మొదటి నెలాఖరు కదా, ఓపెన్ 279 ఉంది, ఒకటో తారీఖుకి ఇంత అంకె చూసి పైవాళ్లు టెన్షన్ పడతారని మేడమ్ ముందే ఒక వాక్యం రాసి పెట్టుకున్నారు. సెప్టెంబర్ చివరి వారం గుంపుకి 14 రోజుల గడువు వచ్చే వారాంతానికి పూర్తవుతుంది. అందులో అకౌంట్ లాక్ టికెట్లు 31 మూశారు, ఇప్పటిదాకా తిరిగొచ్చినవి రెండు. రెండింటికీ `Caller Computer Name` ఖాళీ. అన్న ఆ ఇద్దరు యూజర్ల దగ్గరికీ స్వయంగా వెళ్లి చూస్తానన్నాడు.